ఉదు త్యం జాతవేదసం: ఉదయసూర్య మంత్రాన్ని అర్థంతో, సరైన కాలంతో పలకడం ఎలా?

ఉదయం వేళ విజయవాడ దుర్గాఘాట్ మెట్ల మీద నిలబడి సూర్యుని వైపు తిరిగి మంత్రం చెప్పేవారిలో చాలామందికి అక్షరాలు నోటికి వచ్చే ఉంటాయి, కాని ఏ అక్షరాన్ని ఎంతసేపు పలకాలో, ఏది పైకి లేవాలో, ఏది కిందికి దిగాలో ఎవరూ విడమరచి చెప్పి ఉండరు. ఈ వ్యాసంలో ఒకే ఒక చిన్న మంత్రాన్ని తీసుకొని, దాని అర్థాన్నీ, అక్షరాల కాలాన్నీ, స్వరాన్నీ ఒకదాని తరువాత ఒకటిగా పట్టుకునే పద్ధతిని వివరిస్తాను. ఆ మంత్రం ఇది:

ఉదు॒ త్యం జా॒తవే॑దసం దే॒వం వ॑హంతి కే॒తవః॑ ।
దృ॒శే విశ్వా॑య॒ సూర్య᳚మ్ ॥

ఇది ఋగ్వేదం మొదటి మండలంలోని 50వ సూక్తానికి మొదటి మంత్రం. ఋషి కణ్వుని కుమారుడైన ప్రస్కణ్వుడు, దేవత సూర్యుడు, ఛందస్సు గాయత్రి. ఇదే మంత్రం కృష్ణ యజుర్వేద తైత్తిరీయ సంహితలో కూడా ఉంది. మన ప్రాంతంలో వేదం చెప్పుకున్నవారిలో ఎక్కువమంది తైత్తిరీయ శాఖవారే కనుక ఇక్కడ వారి పాఠాన్నే అనుసరిస్తున్నాను. ఒక విషయం ముందే చెప్పాలి. తైత్తిరీయుల సంధ్యావందనంలో ప్రాతఃకాల ఉపస్థానానికి ‘మిత్రస్య చర్షణీధృతః’ అనే మంత్రం ఉంది, ‘ఉదు త్యం’ మాధ్యాహ్నిక ఉపస్థానంలో వస్తుంది. అందువల్ల సంధ్యావందనం చేసేవారు ఆ క్రమాన్ని మార్చకూడదు. సూర్యోదయాన్ని చూస్తూ విడిగా సూర్యోపాసన చేసేవారికి మాత్రం, సూర్యుడు పైకి రావడాన్నే వర్ణించే ఈ మంత్రం ఆ వేళకు సరిగ్గా సరిపోతుంది.

అంతా చదివాక మీకు ఒక్క విషయం గట్టిగా పట్టుబడాలని నా కోరిక: స్వరం వేరు, కాలం వేరు. పైకి లేచే అక్షరం దీర్ఘం కానక్కరలేదు, కిందికి దిగే అక్షరం హ్రస్వం కానక్కరలేదు. ఈ మంత్రంలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ రెంటినీ కలిపివేయడం వల్లనే వస్తాయి.

ముందు అర్థం

అర్థం తెలియకుండా లయ కుదరదు, ఎందుకంటే పదం ఎక్కడ ముగుస్తుందో తెలియనివారు ఊపిరిని తప్పు చోట తీస్తారు. ఈ మంత్రంలోని పదాలను విడదీస్తే ఇలా ఉంటాయి: ఉత్, ఉ, త్యమ్, జాతవేదసమ్, దేవమ్, వహంతి, కేతవః, దృశే, విశ్వాయ, సూర్యమ్.

మొదటి పదమైన ‘ఉత్’ అంటే పైకి. ఇది ఉపసర్గ, దీని క్రియ ‘వహంతి’. లౌకిక సంస్కృతంలో ‘ఉద్వహంతి’ అని కలిసి ఉండవలసినది, వేదభాషలో ఉపసర్గకు ఉన్న స్వేచ్ఛ వల్ల మంత్రం మొదటి అక్షరంగా ముందుకు వచ్చింది. కాబట్టి ‘ఉ’ అని మొదలుపెట్టినప్పుడే మీ మనస్సులో ‘పైకి’ అన్న భావం ఉండాలి. అది పూర్తయ్యేది ‘వహంతి’ దగ్గర, అంటే ‘మోసుకుపోతున్నాయి’ అన్న చోట. తరువాతి ‘ఉ’ చిన్న అవ్యయం, ‘ఇదిగో’ అన్నంత బలం ఇస్తుంది. ‘త్యమ్’ అంటే ఆ, అంటే అందరికీ తెలిసిన ఆ దేవుణ్ణి. ‘జాతవేదసమ్’ అంటే పుట్టినవాటినన్నిటినీ ఎరిగినవాణ్ణి. ఈ పేరు సాధారణంగా అగ్నికి చెందినది, ఇక్కడ సూర్యునికి చెప్పారు. ‘కేతవః’ అంటే జెండాల వలె దూరం నుంచే గుర్తు తెలిపేవి. సాయణాచార్యులు దీనికి సూర్యుని గుర్రాలని ఒక అర్థమూ, కిరణాలని మరొక అర్థమూ చెప్పారు. అంతకు ఎంతో ముందే నిరుక్తంలో యాస్కుడు ఈ మంత్రాన్ని తీసుకొని కేతువులంటే రశ్ములే అన్నాడు.

‘దృశే’ అంటే చూడటానికి, ‘విశ్వాయ’ అంటే అందరికీ, ‘సూర్యమ్’ అంటే సూర్యుణ్ణి. వాక్యం మొత్తాన్ని తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: పుట్టినవాటినన్నిటినీ ఎరిగిన ఆ దేవుణ్ణి, సూర్యుణ్ణి, లోకమంతా చూడటం కోసం కిరణాలు పైకి మోసుకువస్తున్నాయి.

గమనించండి, ‘సూర్యమ్’ అనే పేరు మంత్రం చిట్టచివరన వచ్చింది. ‘త్యమ్’, ‘జాతవేదసమ్’, ‘దేవమ్’ అని మూడుసార్లు సూచించి, అసలు పేరును చివరి దాకా అట్టిపెట్టారు. పలికేటప్పుడు కూడా ధ్యాస చివరి పదం వైపు సాగాలి. ‘జాతవేదసం’ దగ్గర పని ముగిసినట్టు గొంతు దించేస్తే వాక్యం తెగిపోతుంది.

అక్షరాల కాలం

తెలుగు పద్యం చదువుకున్నవారికి గురువు, లఘువు కొత్త కాదు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. మాత్ర ఎంతసేపు అన్నదానికి పాణినీయ శిక్ష ఒక చక్కని కొలత ఇచ్చింది: పాలపిట్ట కూత ఒక మాత్ర, కాకి కూత రెండు మాత్రలు, నెమలి కూత మూడు మాత్రలు. ఉదయాన కృష్ణ ఒడ్డున నిలబడేవారికి కాకి కూత ఎలాగూ వినబడుతుంది కనుక, రెండు మాత్రల కొలత కోసం వేరే వెతుక్కోనక్కరలేదు.

మొదటి పాదం ‘ఉదు త్యం జాతవేదసం’. ఇందులో ఎనిమిది అక్షరాలు. ‘ఉ’ లఘువు. ‘దు’ చూడటానికి లఘువే, కాని దాని తరువాత ‘త్యం’ అనే సంయుక్తాక్షరం ఉంది కనుక గురువు. ఇక్కడే తెలుగువారికి ఒక ప్రత్యేకమైన చిక్కు వస్తుంది. తెలుగు పద్యంలో తెలుగు మాటల మధ్య, తరువాతి పదం మొదట సంయుక్తాక్షరం ఉంటే ముందు పదం చివరి అక్షరాన్ని సాధారణంగా ఊది పలకము, లఘువుగానే వదిలేస్తాము. ఆ అలవాటు చెవిలో ఉన్నవారు ‘ఉదు’ను రెండు లఘువులుగా తేలికగా విసిరేసి ‘త్యం’ మీదికి దూకుతారు. వేదంలో సంహిత అంతా ఒకే ధార కాబట్టి, ఇక్కడ ‘దు’ తప్పకుండా గురువు కావాలి. నాలుక ‘త’కారం మీద ఒక్క క్షణం ఆని, ‘ఉదుత్-త్యం’ అన్నట్టు సాగాలి. తరువాత ‘త్యం’ గురువు, ‘జా’ గురువు, ‘త’ లఘువు, ‘వే’ గురువు, ‘ద’ లఘువు, ‘సం’ గురువు. మొత్తం పదమూడు మాత్రలు.

రెండో పాదం ‘దేవం వహంతి కేతవః’. ‘దే’, ‘వం’ గురువులు, ‘వ’ లఘువు, ‘హం’ గురువు, ‘తి’ లఘువు, ‘కే’ గురువు, ‘త’ లఘువు, విసర్గ ఉంది కనుక ‘వః’ గురువు. ఇది కూడా సరిగ్గా పదమూడు మాత్రలే. రెండు పాదాలలోనూ చివరి నాలుగు అక్షరాలను చూడండి: ‘తవేదసం’, ‘తికేతవః’. రెండూ లఘువు, గురువు, లఘువు, గురువు. గాయత్రీ పాదానికి ఈ ముగింపు నడకే ముఖ్యం. పాదం మొదట్లో కొంత స్వేచ్ఛ ఉన్నా, చివరికి వచ్చేసరికి లగ-లగ అని స్థిరపడుతుంది.

మూడో పాదం ‘దృశే విశ్వాయ సూర్యమ్’ దగ్గర లెక్క మారుతుంది. దృ-శే-విశ్-వా-య-సూర్-యమ్: ఇవి ఏడే అక్షరాలు, పన్నెండే మాత్రలు. గాయత్రికి ఎనిమిది అక్షరాలు కావాలి. ‘సూర్యమ్’ను ‘సూ-రి-యమ్’ అని మూడు అక్షరాలుగా లెక్కిస్తే ఎనిమిది అక్షరాలూ, పదమూడు మాత్రలూ పూర్తవుతాయి, చివరి నడక కూడా ‘య-సూ-రి-యమ్’ అని లగ-లగగా కుదురుతుంది. పింగళుని ఛందస్సూత్రంలో ‘ఇయాదిపూరణః’ అన్న సూత్రం ఇందుకోసమే ఉంది, తక్కువైన అక్షరాన్ని ‘ఇయ’ వంటి వాటితో పూరించి లెక్కించమని. ‘తత్సవితుర్వరేణ్యం’లో ‘వరేణ్యం’ను ‘వరేణియం’గా లెక్కించడం కూడా ఈ పద్ధతే.

అయితే ఇది లెక్క కోసమే, నోటి కోసం కాదు. సంహితా పాఠంలో ‘సూర్యమ్’ అనే పలకాలి, ‘సూరియం’ అనకూడదు. ఛందస్సు గురించి కొంత చదివినవారే ఉత్సాహంతో ఈ తప్పు చేయడం చూశాను. ఇరవై నాలుగు అక్షరాలకు ఒకటి తక్కువైన గాయత్రికి నిచృత్ అని శాస్త్రమే పేరు పెట్టింది. తక్కువ ఉందని ఒప్పుకొని పేరు పెట్టినప్పుడు, మనం నింపవలసిన పని లేదు.

స్వరం

వ్రాతలో అక్షరం కింద అడ్డగీత ఉంటే అనుదాత్తం, పైన నిలువుగీత ఉంటే స్వరితం, పైన రెండు గీతలుంటే దీర్ఘ స్వరితం, ఏ గీతా లేకపోతే ఉదాత్తం గాని ప్రచయం గాని. పలకడంలో ఉదాత్తానికీ ప్రచయానికీ తేడా లేదు, రెండూ సమస్థాయిలోనే ఉంటాయి. కాబట్టి అభ్యాసం చేసేవారు మూడు మెట్లు గుర్తుంచుకుంటే చాలు: కింద, సమం, పైన. ఈ మూడింటి మధ్య దూరం చాలా తక్కువ. సంగీత కచేరీలో వలె పెద్ద ఎత్తుపల్లాలు ఉండవు.

మొదటి పాదం: ‘ఉ’ సమం, ‘దు’ కింద, ‘త్యం’ సమం, ‘జా’ కింద, ‘త’ సమం, ‘వే’ పైన, ‘ద’, ‘సం’ సమం.

రెండో పాదం: ‘దే’ కింద, ‘వం’ సమం, ‘వ’ పైన, ‘హం’, ‘తి’ సమం, ‘కే’ కింద, ‘త’ సమం, ‘వః’ పైన.

మూడో పాదం: ‘దృ’ కింద, ‘శే’, ‘విశ్’ సమం, ‘వా’ పైన, ‘య’ కింద, ‘సూర్’ సమం, ‘యమ్’ పైన, దీర్ఘంగా.

ఇప్పుడు ఈ వరుసను ముందు చెప్పిన మాత్రల లెక్కతో పక్కపక్కన పెట్టి చూడండి. ‘వహంతి’లో ‘వ’ పైకి లేస్తుంది, కాని అది లఘువు, ఒక్క మాత్రే. గొంతు పైకి వెళ్ళగానే అక్కడ నిలవాలనిపిస్తుంది, నిలిచినవారి నోట ‘వాహంతి’ వస్తుంది. దీనికి ఎదురుగా ‘జా’, ‘దే’, ‘కే’ మూడూ కిందికి దిగే అక్షరాలు, మూడూ రెండు మాత్రల గురువులు. గొంతు దిగినప్పుడు తొందరగా వదిలించుకోవాలనిపిస్తుంది, అప్పుడు ‘జా’ కాస్తా ‘జ’ అవుతుంది. స్వరాన్ని బట్టి కాలాన్ని మార్చకండి అని మొదట చెప్పింది ఈ నాలుగు చోట్ల కోసమే.

స్వరంలో కష్టమైన చోటు ఒక్కటే, ‘విశ్వాయ సూర్యమ్’. మిగిలిన చోట్లన్నిటా ఊపిరి తెగకుండా పలికేటప్పుడు, పైకి లేచిన గొంతు ముందు సమానికి వచ్చి, ఆ తరువాతే కిందికి దిగుతుంది. ఇక్కడ మాత్రం ‘వా’ పైన, వెంటనే ‘య’ కింద. మధ్యలో విశ్రాంతి లేదు. పైగా ‘వా’ రెండు మాత్రలు, ‘య’ ఒక్కటే. ఈ దూకుడు కుదరనివారు ‘య’ను సమంలోనే వదిలేస్తారు, లేదా ‘విశ్వా’ అని ఆగి ‘యసూర్యం’ అని కొత్తగా ఎత్తుకుంటారు. అలా ఆగితే ‘అందరికీ’ అన్న పదం నడుమ విరుగుతుంది. ‘శ్వా-య-సూ’ అనే మూడక్షరాలను మాత్రమే పట్టుకొని, పైన-కింద-సమం అని నెమ్మదిగా పదేపదే పలికి, అది కుదిరాకే పాదం మొత్తాన్ని పలకండి.

అక్షరాలు కలిసే చోట్లు

‘త్యం జా’ దగ్గర సున్నను పెదవులు మూసి ‘మ్’గా పలకకూడదు. తరువాతి ‘జ’కు తగినట్టు ‘త్యఞ్జా’ అనాలి. ‘జాతవేదసం దేవం’ దగ్గర అదే సున్న ‘న్’ అవుతుంది, ‘జాతవేదసన్దేవం’. ‘దేవం వహంతి’ దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. సున్న తరువాత ‘వ’ ఉంది కనుక అది ముక్కుతో పలికే వకారం అవుతుంది, ‘దేవమ్’ అని గట్టిగా పెదవులు మూసి తెరవడం సరికాదు. దీన్ని రాసి చూపడం కష్టం, విని పట్టుకోవలసినది.

‘కేతవః’ చివరి విసర్గ తరువాత ఆగుతాం కనుక, ముందున్న అకారపు నీడతో ‘హ’ లీలగా వినబడాలి. దాన్ని ‘కేతవహా’ అని దీర్ఘం చేస్తే ఒక అక్షరం పెరుగుతుంది. అలాగే ‘వహంతికే’ అని కలిపేసి ‘తవః’ను విడిగా పలికేవారు ఉన్నారు, అప్పుడు కిరణాలనే అర్థమే పోతుంది. ‘దృశే’, ‘విశ్వాయ’లలో శకారం ఉండాలి, ‘జాతవేదసం’, ‘సూర్యమ్’లలో సకారం ఉండాలి. మన మాటల్లో ఈ రెండూ తరచు కలిసిపోతాయి కనుక ‘దృసే’, ‘విస్వాయ’ అని వచ్చేస్తుంది. ‘వహంతి’లో హకారం గొంతు నుంచి రావాలి, ‘వఅంతి’ కాకూడదు.

అభ్యాసం చేసే క్రమం

మొదట గొంతుకు స్వరం ఇవ్వకండి. ఒకే స్థాయిలో, మాత్రలు మాత్రమే లెక్కపెడుతూ పలకండి. ఫోనులో మెట్రోనోమ్ అనువర్తనం దొరుకుతుంది, దాన్ని నిమిషానికి 100 దెబ్బలకు పెట్టి, ఒక దెబ్బకు ఒక మాత్రగా పలకండి. లఘువుకు ఒక దెబ్బ, గురువుకు రెండు. మొదటి పాదం పదమూడో దెబ్బతో ముగియాలి, రెండో పాదం మరో పదమూడుకు, మూడో పాదం పన్నెండుకు. ఈ వేగంలో మొదటి రెండు పాదాలకు దాదాపు పదహారు సెకన్లు పడుతుంది కనుక ఒకే ఊపిరిలో రాకపోవచ్చు. ఈ దశలో పాదానికొక ఊపిరి తీసుకున్నా తప్పు లేదు.

దెబ్బలకు సరిపోయాక స్వరం చేర్చండి, వేగం మార్చకుండానే. స్వరం చేర్చగానే లెక్క తప్పుతుంది, అది అందరికీ జరిగేదే. ఏ చోట తప్పిందో తెలుసుకోవడానికి మీ గొంతును ఫోనులో రికార్డు చేసి, దెబ్బలు లెక్కపెడుతూ వినండి.

గుంటూరులో నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉద్యోగి రికార్డును ఇలాగే విన్నాము. ఆయన మొదటి రెండు పాదాలకు 26 దెబ్బలు పట్టవలసి ఉండగా 28 పట్టాయి. రెండే ఎక్కువ కదా అనుకుంటే రెండే తప్పులు అనిపిస్తుంది. అక్షరం అక్షరం విన్నప్పుడు నాలుగు తేలాయి. ‘జాతవేదసం’ను ‘జాతావేదసం’ అన్నారు, ఒక మాత్ర ఎక్కువ. ‘వహంతి’ని ‘వాహంతి’ అన్నారు, మరొకటి ఎక్కువ. ‘కేతవః’ను ‘కేతావః’ అన్నారు, ఇంకొకటి. కాని ‘ఉదు త్యం’లో ‘దు’ను లఘువు చేశారు, అక్కడ ఒక మాత్ర తగ్గింది. మూడు పెరిగి ఒకటి తగ్గితే మొత్తంలో రెండే కనబడతాయి. అందుకే పాదం మొత్తం లెక్క సరిపోయిందని తృప్తిపడకూడదు, ప్రతి అక్షరం ఏ దెబ్బ మీద మొదలవుతుందో చూడాలి. ఆయన మూడో పాదానికి పదమూడు దెబ్బలు పట్టాయి, కారణం ‘సూరియం’. దిద్దుబాటుకు మేము చేసిందల్లా, ఆ నాలుగు చోట్లను విడివిడిగా, ‘ఉదుత్యం’, ‘జాతవే’, ‘దేవంవహం’, ‘కేతవః’ అని చిన్న ముక్కలుగా చప్పట్లతో పలకడం. ముక్కలు కుదిరిన తరువాతే పాదం కలిపాము. ‘దు’ మాత్రం ఆయనకు చివరిదాకా ఇబ్బంది పెట్టింది.

లెక్క నిలిచాక వేగాన్ని మెల్లగా పెంచండి: నిమిషానికి 150, ఆ తరువాత 200. దెబ్బలు 200 ఉన్నప్పుడు మంత్రం మొత్తానికి సుమారు పదకొండున్నర సెకన్లు, మధ్యలో ఆగే కాలం కలిపితే పన్నెండు పైచిలుకు. ఉపాసనలో చెప్పుకోవడానికి ఈ వేగం సరిపోతుంది. శిక్షా గ్రంథాలు అభ్యాసానికి ద్రుతం, ప్రయోగానికి మధ్యమం, శిష్యులకు చెప్పడానికి విలంబితం అన్నాయి. అక్కడ అభ్యాసమంటే ఇప్పటికే వచ్చినదాన్ని ఆవృత్తి చేసుకోవడం. కొత్తగా నేర్చుకుంటున్నవారు తమకు తామే చెప్పుకుంటున్నారు కనుక విలంబితంతోనే మొదలుపెట్టాలి.

ఈ వేగానికి వచ్చాక మొదటి రెండు పాదాలను తప్పకుండా ఒకే ఊపిరిలో కలపాలి. సంహితలో విరామం ‘కేతవః’ దగ్గరే ఉంది, ‘జాతవేదసం’ దగ్గర లేదు. అంటే మంత్రానికి ఉన్నవి రెండే ఊపిరులు: పదహారు అక్షరాలకు ఒకటి, ఏడు అక్షరాలకు ఒకటి. మొదటిది పొడుగు, రెండోది పొట్టి. రెండూ సమానంగా ఉండాలని ‘దృశే విశ్వాయ సూర్యమ్’ను సాగదీయకండి. చివరి ‘యమ్’ దీర్ఘ స్వరితం కనుక అది మామూలు స్వరితం కంటే ఎక్కువసేపు నిలుస్తుంది, అక్కడ తప్ప మరెక్కడా సాగదీయడానికి చోటు లేదు. ‘మ్’ దగ్గర పెదవులు పూర్తిగా మూసుకోవాలి, ‘సూర్యము’ అని తెలుగు ఉకారం తగిలించకూడదు.

ఉదయం వేళ చెప్పేటప్పుడు

విజయవాడలో జూన్ మొదట్లో సూర్యోదయం సుమారు 5:30కి, జనవరి చివర సుమారు 6:40కి అవుతుంది. కాబట్టి ఏడాది పొడుగునా ఒకే గడియారపు వేళకు అలవాటుపడితే సూర్యుని కంటే ముందో వెనకో అవుతారు. దిక్కు కూడా మారుతుంది. డిసెంబరులో బింబం నిండు తూర్పుకు దాదాపు 25 డిగ్రీలు దక్షిణంగా, జూన్‌లో అంతే ఉత్తరంగా ఉదయిస్తుంది. మంత్రం ‘చూడటానికి’ అంటోంది కనుక, తూర్పు గోడ వైపు కాక బింబం ఉన్న వైపే తిరగండి. దుర్గాఘాట్ నుంచి చూస్తే ప్రకాశం బ్యారేజీ వైపు ఆకాశం తెరిపిగా ఉంటుంది. గుంటూరులో ఇంటి మేడ మీద నిలబడేవారికి పక్క భవనాలు అడ్డమై బింబం కాస్త ఆలస్యంగా కనబడవచ్చు. అప్పుడు కిరణాలు ముందు కనబడటం కూడా మంత్రార్థానికి తగినదే, మోసుకువచ్చేవి కిరణాలే కనుక. బింబం ఎర్రగా ఉన్న తొలి క్షణాలలో ఒకసారి దర్శించి చూపు దించుకోండి, తెల్లబడ్డ సూర్యుణ్ణి తేరిపార చూడవద్దు.

స్నానం, ఆచమనం అయ్యాక నిటారుగా నిలబడండి. తల ఊపకండి. పాణినీయ శిక్ష చెప్పిన ఆరుగురు అధమ పాఠకులలో తల ఊపేవాడు ఒకడు. పాట పాడేవాడు, తొందరపడేవాడు, రాసినదాన్ని చూసి చదివేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు చాలనివాడు మిగిలినవారు. స్వరం కోసం గడ్డం పైకీ కిందికీ ఆడించే అలవాటు చాలామందిలో ఉంది, మెడ కదలకుండా గొంతు మాత్రమే కదిలితే స్వరాల మధ్య దూరం కూడా హద్దులో ఉంటుంది. కాగితం చూసి చదవవలసిన స్థితిలో ఉంటే ఇంకా ఘాట్‌కు తీసుకుపోయే సమయం రాలేదని అర్థం. ఇరవై మూడు అక్షరాలు నోటికి రావడానికి పెద్ద కాలం పట్టదు.

పైన చెప్పినవాటిలో మాత్రల లెక్క, పదవిభాగం, మూడు మెట్ల స్వరం, ఇవి చదివి సాధించగలిగినవి. చదివి సాధించలేనివి మూడు ఉన్నాయి: ‘సూర్యమ్’ చివర దీర్ఘ స్వరితం ఎలా లేవాలి, ‘దేవం వహంతి’లో ముక్కుతో పలికే వకారం ఎలా ఉండాలి, ‘కేతవః’ విసర్గ ఎంత లీలగా వినబడాలి. ఈ మూడింటినీ తైత్తిరీయం అధ్యయనం చేసిన వేదపండితుని ముందు కూర్చొని, ఆయన చెప్పగా రెండేసి సార్లు తిరిగి చెప్పి సరిచూసుకోవాలి. మీ కులాచారంలో ఋగ్వేద శాఖ అయితే ఆ శాఖ చదివినవారి దగ్గరకే వెళ్ళండి, ఎందుకంటే ఈ మంత్రంలో అక్షరాలూ స్వరస్థానాలూ రెంటిలోనూ ఒకటే అయినా, దీర్ఘ స్వరితాన్ని పలికే తీరు, సున్నను పలికే తీరు శాఖను బట్టి మారుతాయి. వెళ్ళేటప్పుడు మీ రికార్డు తీసుకువెళ్ళనక్కరలేదు, ఆయన ముందు ఒక్కసారి చెప్పి, ఈ మూడు చోట్లే ముందుగా అడగండి.